సర్వే పూర్తయ్యాక అనుమతా?

సంపాదకుడికి,

నేనొక కళాశాల ఎథిక్స్ కమిటీలో సామాన్య సభ్యురాలిని, అంటే వైద్యం గానీ పరిశోధన గానీ వృత్తి కాని బయటి మనిషిని. హాస్టల్లో ఉండే డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిల్లో కుంగుబాటు ఎంత ఉందో తెలుసుకునే ప్రాజెక్టుకు అనుమతి కోరుతూ ఇటీవల ఒక విద్యార్థిని మా ముందుకు వచ్చింది. అప్పటికే 120 మంది చేత ప్రశ్నావళి నింపించేసింది. థీసిస్ గడువు దగ్గర పడింది గనుక పాత తేదీతో లేఖ ఇవ్వమని ఆమె గైడు కోరారు. మేము ఇవ్వలేదు. ‘సూదిమందు కాదు, వట్టి సర్వేయే కదా’ అని ఆయన నొచ్చుకున్నారు.

ఆమె వాడినది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం. చనిపోతే బాగుండుననో, తమను తాము గాయపరచుకోవాలనో గత రెండు వారాల్లో అనిపించిందా అన్నది దాని చివరి ప్రశ్న. దానికి ముగ్గురు ‘దాదాపు ప్రతిరోజూ’ అని గుర్తు పెట్టారు. గోప్యత కోసమని పేర్లు రాయించలేదు, పత్రాలేమో మూడు వారాలుగా సంచిలోనే ఉన్నాయి. ఆ ముగ్గురెవరో ఇక తెలుసుకునే దారి లేదు. ముందే వచ్చి ఉంటే మేము అడిగేది ఇదే: తొమ్మిదో జవాబును ఆ రోజే ఎవరు చూస్తారు, పేరుకు బదులు వేసిన కోడ్ నంబరు ఎవరిదో తెలిపే జాబితా ఏ కౌన్సెలర్ దగ్గర ఉంటుంది, ప్రాణాపాయం కనిపిస్తే గోప్యత సడలిస్తామని సమ్మతి పత్రంలో రాశారా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారా? ఇవేవీ పత్రాలు నిండిన తర్వాత చేర్చగలిగేవి కావు. చివరికి కౌన్సెలర్‌ను పంపి హాస్టల్లోని అమ్మాయిలందరితోనూ విడివిడిగా మాట్లాడించవలసి వచ్చింది.

ఆ అమ్మాయిల్లో కొందరికి 17 ఏళ్లే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటి వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు వారి అంగీకారమూ కావాలి. ఇక్కడ వార్డెన్ సంతకంతో సరిపెట్టారు. 2009లో ఖమ్మం జిల్లాలో సాగిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో కూడా ఎన్నో పత్రాలపై వార్డెన్లే సంతకం చేశారని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. అది టీకా, ఇది సర్వే. అయినా సంతకం విషయంలో తప్పు ఒక్కటే.

తప్పంతా విద్యార్థులదేనని నేను అనడం లేదు. మూడు నెలలకొకసారి సమావేశమయ్యే కమిటీ కోసం ఆగితే వారికి సెమిస్టరే గడిచిపోతుంది. ప్రమాదం చాలా స్వల్పంగా ఉన్న అధ్యయనాలను పూర్తి సమావేశం లేకుండా కొద్దిమంది సభ్యులే పరిశీలించే వీలు ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. కొన్నింటికి సమీక్ష నుంచి మినహాయింపు కూడా ఉంది, కాకపోతే అది వర్తిస్తుందో లేదో తేల్చవలసింది కమిటీయే గాని గైడు కాదు. కళాశాలలు ఈ త్వరిత సమీక్షను నెలనెలా జరపాలని, అనుమతి సంఖ్య లేని ప్రశ్నావళిని, అది అసలు సర్వేకు ముందు చేసే చిన్న పైలట్ సర్వే కోసమే అయినా సరే, గైడ్లు హాస్టల్ గడప దాటనివ్వరాదని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్