స్పీకర్ వైర్లు, పిన్నుల మార్పు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ, అద్దె సామాను మరమ్మతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ బాక్సులకు వెళ్లే దారిలో పావు అంగుళం పీ-38 పిన్నులు తీసేసి, తిప్పి లాక్ చేసే స్పీకాన్ కనెక్టర్లు వేయాలని కార్యవర్గం తీర్మానించింది. పాత పద్ధతిలో ఇన్నేళ్లూ బాగానే నడిచింది కదా అని కొందరు సభ్యులు అడిగారు. ఆ మాటకు పూర్తి సమాధానం ఇవ్వాలి.

మొన్నటి తీర్థాల సీజన్‌లో కోనసీమలోని ఒక ఊళ్లో మన సభ్యుడి ఆర్కెస్ట్రా జరిగింది. కోత అయిన చేలో స్టేజీ. ఆంప్లిఫయర్ మిక్సర్ పక్కనే ఉంది, బేస్ బాక్సు 20 మీటర్ల దూరంలో ఉంది. పాట మధ్యలో ఎవరి కాలో వైరుకు తగిలి బాక్సు దగ్గర పీ-38 పిన్ను ఊడింది. హెల్పర్ కుర్రాడు పరుగున వెళ్లి పిన్ను తిరిగి తోశాడు. ఆంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంది. ఆ చానల్ అక్కడితో పోయింది.

కుర్రాడి తప్పేమీ లేదు, ఆ పిన్ను తయారీయే అలాంటిది. పావు అంగుళం పిన్ను మొదట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. అక్కడ నడిచేది చాలా చిన్న కరెంటు. దాని కొసకీ ఒంటికీ మధ్య ఉన్నది సన్నటి ప్లాస్టిక్ రింగు మాత్రమే. సాకెట్ నోటి దగ్గరున్న లోహపు గొట్టం ఆ రింగు కంటే వెడల్పుగా ఉంటుంది. పిన్ను లోపలికి జారేటప్పుడు ఆ గొట్టం ఒక్క క్షణం కొసనీ ఒంటినీ కలిపేస్తుంది. అవతల ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంటే అది సూటిగా షార్ట్ సర్క్యూటే. మంచి ఆంప్లిఫయర్ అయితే ప్రొటెక్షన్‌లోకి వెళ్లి బతుకుతుంది. అది లేని వాటిలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి. ఊడిన పిన్ను కింద పడి ఇనుప పైపుకు తగిలినా ఇదే ప్రమాదం, ఎందుకంటే దాని లోహమంతా బయటికే ఉంటుంది.

స్పీకాన్‌ను లీచ్‌టెన్‌స్టైన్ దేశానికి చెందిన న్యూట్రిక్ కంపెనీ 1987లో స్పీకర్ల కోసమే తెచ్చింది. దాని లోహపు పలకలు ప్లాస్టిక్ లోపల దాగి ఉంటాయి, వేలికి తగలవు. సాకెట్‌లో పెట్టి తోసినంత మాత్రాన కనెక్షన్ రాదు. కుడివైపు తిప్పితేనే పలకలు కలుస్తాయి, వెంటనే టిక్కుమని లాక్ పడుతుంది. అందుకే పెట్టేటప్పుడు షార్ట్ కాదు, వైరు కాలికి తగిలినా ఊడదు. ఊడదు కదా అని వైరును దారిలో వదిలేయకండి. ఈసారి లాగుడు బాక్సు మీద పడుతుంది. బాక్సు స్టాండు మీద ఉంటే అది మనుషుల మీద పడొచ్చు. సాకెట్ దగ్గర కొంత వైరు చుట్టగా వదిలి, మిగతాది స్టాండుకు కట్టండి.

మొన్నటి సంఘటనలో రెండో సంగతి కూడా బయటపడింది. ఆ వైరు పిన్ను విప్పి చూస్తే లోపల ఒకే సన్నటి తీగ ఉంది, దాని చుట్టూ షీల్డుగా జడలా అల్లిన రాగి. అంటే అది గిటార్ కేబుల్. పీ-38తో అసలు చిక్కు ఇక్కడే ఉంది. గిటార్ వైరుకూ స్పీకర్ వైరుకూ ఒకటే పిన్ను, బయటికి తేడా తెలియదు. చీకట్లో చేతికి దొరికింది పెట్టేస్తాం.

లెక్క వేసి చూద్దాం. ఆ ఆంప్లిఫయర్ 4 ఓమ్‌ల బాక్సుకు 500 వాట్లు ఇవ్వగలదు, అంటే సుమారు 45 వోల్టులు. గిటార్ కేబుల్ మధ్య తీగ 0.25 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, 20 మీటర్లకు దాని రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర ఓమ్. చుట్టూ ఉన్న జడను లెక్కలోకి తీసుకోకపోయినా, ఫుల్ మీద నడిపినప్పుడు బాక్సుకు చేరేది 265 వాట్లే. 100 వాట్ల దాకా ఆ సన్నటి తీగలోనే వేడిగా మారిపోతుంది. మిగతాది ఆంప్లిఫయర్ అసలు ఇవ్వనే లేదు, ఎందుకంటే వైరు రెసిస్టెన్స్ వల్ల కరెంటే తగ్గిపోయింది. ఆపరేటర్‌కు బేస్ చాలదనిపించి ఇంకా పెంచుతాడు, తీగ ఇంకా వేడెక్కుతుంది. పాటలో హెచ్చుతగ్గులు ఉంటాయి కాబట్టి ఇంత వేడి ఎల్లవేళలా ఉండదు, కానీ ఇన్సులేషన్ మెత్తబడి లోపల షార్ట్ కావడానికి కొన్ని కార్యక్రమాలు చాలు. కార్యక్రమం మధ్యలో వైరును చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉందంటే అది స్పీకర్‌కు పనికొచ్చే వైరు కాదు.

అదే దూరానికి రెండు సమాన కోర్లున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, అంటే 2.5 స్క్వేర్ వైరు వేస్తే, పోను రాను 40 మీటర్లకు 0.3 ఓమ్ లోపే ఉంటుంది. బాక్సుకు 430 వాట్లు చేరతాయి. అందుకే 4 ఓమ్‌ల బాక్సుకు 10 మీటర్ల దాకా 1.5 స్క్వేర్, 20 మీటర్ల దాకా 2.5, 30 మీటర్ల దాకా 4 స్క్వేర్ అని కార్యవర్గం కొలత పెట్టుకుంది. రెండు 8 ఓమ్‌ల బాక్సులు సమాంతరంగా కలిపితే అవి 4 ఓమ్‌లే అవుతాయని మరవకండి. ఒక్క 8 ఓమ్‌ల బాక్సే అయితే నష్టం సుమారు సగానికి తగ్గుతుంది. ఈ లావు వైరును గిటార్‌కు మాత్రం వాడొద్దు, షీల్డు లేనందువల్ల గుంయ్‌మని మోత వస్తుంది.

స్పీకాన్ బిగించేటప్పుడు తీగ కొసలకు సోల్డర్ పూయకండి. స్క్రూ కింద సోల్డర్ మెల్లగా నలిగి పట్టు వదులవుతుంది. తీగలను ఒట్టిగా మెలిపెట్టి బిగించాలి. సముద్రం వైపు ఊళ్లకు, అంతర్వేది దగ్గరి కార్యక్రమాలకు వెళ్లి వచ్చిన వైర్లలో రాగి పచ్చబడుతోంది. వాటి కొస నల్లగానో పచ్చగానో కనిపిస్తే మెరిసే రాగి వచ్చేదాకా కోసి మళ్లీ బిగించండి.

నాలుగు పలకల స్పీకాన్‌లో మామూలు బాక్సుకు 1+, 1− చాలు. బేస్‌కూ పైస్వరానికీ వేర్వేరు ఆంప్లిఫయర్లు పెట్టే బాక్సులకు నాలుగు కోర్ల వైరు కావాలి, 2+, 2− మీద పైస్వరం నడుస్తుంది. రెండు కోర్ల వైరు పెట్టి ట్వీటర్ పోయిందని రిపేరుకు తెచ్చిన బాక్సులు ఈ ఏడాది కూడా వచ్చాయి. ముందు వైరు చూడండి. ఆంప్లిఫయర్ రెండు చానళ్లనూ కలిపి బ్రిడ్జిలో నడిపేవాళ్లు దాని వెనక ప్యానెల్ మీద రాసిన పలకల నంబర్లే పాటించాలి. చాలా వాటిలో అప్పుడు 1+, 2+ వాడతారు.

లోపలే ఆంప్లిఫయర్ ఉన్న పవర్డ్ బాక్సులకు ఈ మార్పు వర్తించదు. వాటికి మిక్సర్ నుంచి షీల్డున్న మైక్ వైరే వెళ్లాలి. గిటార్, కీబోర్డు దగ్గర పీ-38 అలాగే ఉంటుంది, అక్కడ అది సరైన పిన్నే.

వచ్చే వినాయక చవితి సీజన్‌లోపు సంఘం అద్దె సామానులో మార్పు పూర్తిచేస్తాం. స్పీకర్ వైర్లకు రెండు కొసలా పసుపు టేపు, దాని మీద పొడవూ స్క్వేరూ రాసి ఉంటాయి. సాకెట్ పీ-38 మాత్రమే ఉన్న పాత బాక్సులకు జానెడు లావు వైరుతో మార్పిడి ముక్కలు ఇస్తాం. ఆ ముక్కను ఆంప్లిఫయర్ ఆఫ్‌లో ఉన్నప్పుడే పెట్టాలి, తీయాలి. సొంత వైర్లు తెచ్చుకునే సభ్యులు వాటిని వచ్చే సమావేశానికి తెస్తే పిన్ను విప్పి చూసి, మీటరుతో కొలిచి టేపు వేసి ఇస్తాం. పిన్ను విప్పడానికి వీల్లేని మోల్డింగ్ వైర్ల మీద స్క్వేరు అచ్చు లేకపోతే వాటిని స్పీకర్ వైర్ల పెట్టెలోకి తీసుకోం.

కార్యదర్శి