మా చెల్లి పెళ్ళి ఫోటోలు దక్కేలా చేసిన మీ అందరికీ కృతజ్ఞతలు

మాఘమాసంలో హనుమకొండలో మా చెల్లి పెళ్ళి జరిగింది. సరిగ్గా వారం ముందు, మేము మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్ ఫోన్ స్విచాఫ్ చేసి కనిపించకుండా పోయాడు. అయినా ఈరోజు జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా అన్నీ ఆల్బమ్‌లో ఉన్నాయంటే అందుకు కారణం కొందరు మనుషులు. వాళ్ళకి నలుగురి ముందు థాంక్స్ చెప్పుకోవాలనీ, వాళ్ళు నాకు చెప్పిన సంగతులు పెళ్ళిళ్ళు పెట్టుకున్న మిగతా ఇళ్ళకి చేరాలనీ ఈ పోస్టు రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. ట్రెడిషనల్ ఫోటో, వీడియో, క్యాండిడ్, డ్రోన్, రెండు ఆల్బమ్‌లు కలిపి ప్యాకేజీ 1,80,000 రూపాయలు. బుకింగ్‌కి 50,000 ఇచ్చాం. నిశ్చితార్థం అతనే తీశాడు, బాగానే తీశాడు, అప్పుడు ఇంకో 40,000 తీసుకున్నాడు. పెళ్ళి దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఫోన్ చేసి, డ్రోన్ వాళ్ళకి, ఎల్‌ఈడీ వాల్ వాళ్ళకి ముందే కట్టాలి, ఇంకో 30,000 వేయండి అని వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపాడు. ఆ కోడ్ స్కాన్ చేస్తే వచ్చిన పేరు స్టూడియోది కాదు, అంతకుముందు డబ్బు వేసినప్పుడు వచ్చిన అతని సొంత పేరూ కాదు. వేరే ఎవరిదో. అయినా హడావుడిలో వేసేశాం. మర్నాడు పొద్దున ఫోన్ లేదు. షాపుకి వెళ్తే షట్టర్ మూసి ఉంది, బయట అద్దె కోసం ఇంటి ఓనర్ నిలబడి ఉన్నాడు.

మొదటి నమస్కారం ఫంక్షన్ హాల్ మేనేజర్ గారికి. ఆయన మా ముఖం చూసి సంగతి కనుక్కుని, అక్కడికక్కడే ఫోటో, వీడియోగ్రాఫర్ల సంఘం కార్యదర్శి గారికి ఫోన్ కలిపారు. ఆ అన్న గంటలో వచ్చారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే, ఆయన మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకముందే ల్యాబ్‌కి ఫోన్ చేశారు. పెళ్ళి ఆల్బమ్‌లు స్టూడియోల్లో తయారు కావు, డిజైన్ అయ్యాక ప్రింటింగ్ ల్యాబ్‌కి వెళ్తాయి. ఆ ల్యాబ్ పెద్దాయన చెప్పిన మాట విన్నాక మాకు మొత్తం అర్థమైంది. ఆ స్టూడియో ఆల్బమ్‌లు కొన్ని ప్రింట్ అయి, బైండింగ్ కూడా అయి, బిల్లు కట్టకపోవడంతో నెలలుగా ల్యాబ్‌లోనే పడి ఉన్నాయట. అంటే అంతకుముందు పెళ్ళిళ్ళ వాళ్ళు ఇంకా ఆల్బమ్ కోసం తిరుగుతున్నారు. వాళ్ళ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, మాలాంటి వాళ్ళ అడ్వాన్సులతో పాత అప్పులు తీరుస్తున్నాడు.

కార్యదర్శి అన్న చెప్పిందాని ప్రకారం, అడ్వాన్స్ తీసుకుని మాయమయ్యేవాళ్ళలో మొదటిరోజు నుంచీ మోసం చేద్దామనుకునేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది పని తెలిసినవాళ్ళే. కెమెరాల ఈఎంఐలు, షాపు అద్దె, చిట్టీలు కట్టలేక ఈ పెళ్ళి అడ్వాన్స్ ఆ పెళ్ళి ఆల్బమ్‌కి పెట్టడం మొదలుపెడతారు. తర్వాత ఒకే ముహూర్తానికి రెండు మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, రోజు కూలికి ఫ్రీలాన్సర్లని పంపుతారు. వాళ్ళకి డబ్బు ఎగ్గొట్టడం మొదలవగానే వాళ్ళు రావడం మానేస్తారు. అక్కడితో ఆట ముగుస్తుంది. మా ముహూర్తానికి అతను ఇంకో రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడని ఆ రోజే తెలిసింది.

అందుకే ఇన్‌స్టాగ్రామ్ పేజీ, రివ్యూలు చూసి మనకి ఏమీ తెలియదు. అవి అతను బాగున్న రోజుల్లో తీసిన ఫోటోలు, అప్పట్లో రాసిన మాటలు. ఈ నెల అతని పరిస్థితి ఏంటో తెలిసింది ఇద్దరికే: ఆల్బమ్ ప్రింట్ చేసే ల్యాబ్‌కి, అతని కింద పనిచేసే ఫ్రీలాన్సర్లకి. "మీ ఆల్బమ్‌లు ఏ ల్యాబ్‌లో వేయిస్తారు అన్నా, ఒకసారి షీట్ క్వాలిటీ చూసి వస్తాం" అని అడగండి. సరిగ్గా పనిచేసుకునేవాడు ఇబ్బంది పడకుండా పేరు చెప్తాడు. ల్యాబ్‌కి వెళ్తే షీట్లతో పాటు అతని సంగతీ తెలుస్తుంది. అలాగే అతను నిరుడు చేసిన కస్టమర్ నంబర్ కాదు, నాలుగైదు నెలల కిందట పెళ్ళి చేసుకున్నవాళ్ళ నంబర్ అడగండి. "ఫోటోలు బాగున్నాయా" అనే ప్రశ్న వద్దు. "ఆల్బమ్ చేతికొచ్చిందా, ఎప్పుడొచ్చింది" అని అడగండి.

ఇంకో పని కూడా ఆ అన్నే నేర్పారు. అరవై రకాల పెళ్ళిళ్ళ నుంచి ఏరిన మంచి ఫోటోలు కాదు, ఒక్క పెళ్ళి మొదటి నుంచి చివరి దాకా మొత్తం చూపించమనాలి. స్నాతకం, గౌరీపూజ, కన్యాదానం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ ఒకే జంటవి, ఒకే మండపంలో ఉండాలి. వేరేవాళ్ళ పని తెచ్చి పెట్టుకున్నవాడి దగ్గర అలా ఒక పెళ్ళి మొత్తం దొరకదు. మా కొటేషన్ మీద జీఎస్టీ నంబర్ ఉంది. ఆ అన్న అక్కడే gst.gov.in లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ తెరిచి ఆ పదిహేను అంకెల, అక్షరాల నంబర్ కొట్టారు. మొదటి రెండంకెలు 36, తెలంగాణే. కానీ వచ్చిన పేరు వేరే వ్యాపారానిది, స్టేటస్ క్యాన్సిల్డ్. అది చూడటానికి లాగిన్ కూడా అవ్వక్కర్లేదు, ఉచితం. అయితే చిన్న ఫోటోగ్రాఫర్‌కి జీఎస్టీ లేకపోవడం తప్పు కాదు, సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. లేదని చెప్పినవాడితో ఇబ్బంది లేదు, లేనిది ఉన్నట్టు ముద్రించుకున్నవాడితోనే.

ముహూర్తాల రోజు కాబట్టి మన ఊళ్ళో టీములన్నీ బుక్ అయిపోయాయి. కార్యదర్శి అన్న రాత్రి దాకా ఫోన్లు చేసి జనగామ నుంచి ట్రెడిషనల్ వాళ్ళని, కరీంనగర్ నుంచి క్యాండిడ్ అబ్బాయిని కుదిర్చారు. ఆ తమ్ముళ్ళు మా అవసరం చూసి రేటు పెంచలేదు. తీసుకున్న పద్ధతి కూడా చెప్తాను, ఎందుకంటే నాకు న్యాయంగా అనిపించింది: బుకింగ్‌కి 10,000, పెళ్ళిరోజు పొద్దున కెమెరాలు దిగాక సగం, రా డేటా హార్డ్ డిస్క్‌లో మా చేతికిచ్చాక కొంత, ఆల్బమ్ ఇచ్చాక మిగిలింది. ఫోటోగ్రాఫర్ల వైపు నుంచి చూసినా అడ్వాన్స్ అడగడం న్యాయమే. ముహూర్తం తేదీ ఒకసారి మనకి ఇచ్చాక ఆ రోజు ఇంకెవరికీ అమ్ముకోలేరు. కానీ పెళ్ళికి ముందే మూడింట రెండు వంతులు అడిగేవాడికి మన తేదీతో పనిలేదు, మన డబ్బుతోనే పని. నా లెక్కలో బుకింగ్‌కి ఐదో వంతు మించి ఇవ్వక్కర్లేదు. ఎవరు స్వయంగా వస్తారో, ఎన్ని కెమెరాలో, ఎన్ని షీట్లో, డేటా ఎప్పుడిస్తారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవాలి. డబ్బు ఆ కాగితంలో ఉన్న పేరుకే వెళ్ళాలి. మధ్యలో ఇంకొకరి క్యూఆర్ కోడ్ వచ్చిందంటే, ఫోన్ పక్కన పెట్టి షాపుకి వెళ్ళడమే.

కేటరింగ్, డెకరేషన్ వాళ్ళ గురించి నాకు అంత లోతుగా తెలియదు గానీ హాల్ మేనేజర్ గారు చెప్పిన మాట చెప్తాను. డెకరేషన్ వాళ్ళ సంగతి పూల మార్కెట్లో తెలుస్తుంది, కేటరింగ్ వాళ్ళ సంగతి సరుకులిచ్చే కిరాణా షాపులో తెలుస్తుంది. అప్పు పుట్టనివాడే మన దగ్గర మొత్తం ముందు అడుగుతాడు. కేటరింగ్ వాళ్ళకి పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ తప్పనిసరి, అది foscos.fssai.gov.in లో చూసుకోవచ్చు.

పోలీస్ స్టేషన్లో మాకు దొరికిన ఎస్సై మేడమ్‌కి మా కుటుంబం రుణపడి ఉంటుంది. ముందు మాట్లాడిన ఆయన, ఇది మీరూ మీరూ చూసుకోవాల్సిన డబ్బు గొడవ, సివిల్ కోర్టుకి వెళ్ళండి అన్నారు. మేడమ్ కాగితాలన్నీ చదివి, చివరి 30,000 నిన్న సాయంత్రం వేసిందే కదా అని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయించారు. డబ్బు ఆ ఖాతాలోంచి బయటికి పోకముందే చెప్తే ఆపగలరట. మాది 22,000 ఆగింది. పాత 90,000 కి అప్పటికి ఆ దారి లేదు. దానికి ఆమె అడిగింది ఒక్కటే: ఇదే తేదీకి ఇంకెవరి దగ్గరైనా డబ్బు తీసుకున్నాడా? పని చేయలేకపోవడం వేరు, చేయలేనని తెలిసీ డబ్బు తీసుకోవడం వేరు. రెండోదే భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద చీటింగ్. మిగతా రెండు పెళ్ళిళ్ళ వాళ్ళు వాళ్ళ రసీదులు పట్టుకుని మాతో పాటు స్టేషన్‌కి వచ్చారు కాబట్టే కేసు రిజిస్టర్ అయింది. సొంత పెళ్ళి హడావుడిలో ఉండి కూడా వచ్చిన ఆ రెండు కుటుంబాలకి చేతులెత్తి నమస్కారం. విడిగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేశాం. మనం చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి.

ఇక ఆ స్టూడియో తరఫున మా నిశ్చితార్థం తీసిన ఫ్రీలాన్సర్ తమ్ముడి గురించి చెప్పాలి. అతనికీ ఆ రోజు కూలి ఇంకా రాలేదు. అయినా సంఘం గ్రూపులో మా సంగతి చూసి, కార్డులు కాపీ చేసుకున్న తన డిస్క్ పట్టుకుని ఇంటికొచ్చాడు. పోయాయనుకున్న నిశ్చితార్థం ఫోటోలన్నీ అందులో ఉన్నాయి. మా అమ్మమ్మ చెల్లికి పసుపు కుంకుమలు పెడుతున్న ఫోటో కూడా. అమ్మ ఎంత చెప్పినా డబ్బు ముట్టుకోలేదు, భోంచేసి వెళ్ళాడు.

ఇలాగే ఫంక్షన్ అయిపోయాక స్టూడియో మూతపడిన వాళ్ళెవరైనా ఉంటే, డేటా పోయిందని వదిలేయకండి. ఆ రోజు మీ ఇంటికొచ్చి కెమెరా పట్టుకున్న కుర్రాళ్ళు ఎవరో మీ ఫోటోల్లో, మీ బంధువుల ఫోన్లలో కనిపిస్తారు. ఆ ఫోటో తీసుకుని మీ ఊరి ఫోటోగ్రాఫర్ల సంఘానికి వెళ్ళండి. తర్వాత ల్యాబ్‌లో, ఎడిటింగ్ చేసే వాళ్ళ దగ్గర కూడా అడగండి. డిస్కులు నిండితే చెరిపేస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి.