వానాకాలంలో సోన్ పాపిడి: పర్లాకిమిడి కొట్టు నుంచి ఒక మాట

"అన్నా, వేసవిలో మీ సోన్ పాపిడి నోట్లో వేసుకోగానే కరిగిపోయేది. మొన్న కొన్నది రెండో రోజుకే ముద్దయి పళ్లకు పట్టుకుంది. సరుకేమైనా మార్చారా?"

సరుకు మార్చలేదమ్మా. పంచదార, శనగపిండి, మైదా, నెయ్యి, ఏలకులు అన్నీ అవే, కొలతలూ అవే. తేడా అంతా గాలిలోని తేమతోనే వచ్చింది. ఆ తేమకు సోన్ పాపిడి ఎందుకు లొంగిపోతుందో తెలియాలంటే దాన్ని లాగే పద్ధతి చెప్పాలి.

మా ఒక వాయికి కిలో పంచదార, మూడు వందల యాభై మిల్లీలీటర్ల నీళ్లు, అరచెక్క నిమ్మరసం పడతాయి. నిమ్మరసం లేకపోతే పాకం మధ్యలోనే పలుకు కట్టి, లాగుతుంటే పుటుక్కున తెగిపోతుంది. అలాగని ఎక్కువ పిండితే మిఠాయి తేమను ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. పాకం అరిసెలకు పట్టే దానికన్నా బాగా ముదరాలి, సుమారు 125 డిగ్రీల దాకా. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టాలి, ఆ ఉండను పళ్లెం మీద వేస్తే టంగుమనాలి. అప్పుడు నెయ్యి రాసిన బండ మీద పోసి, అంచులు లోపలికి మడుస్తూ చల్లారుస్తాం. చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీస్తాం. లోపలికి గాలి చేరే కొద్దీ బంగారు రంగు పోయి ముత్యంలా తెల్లబడుతుంది.

ఈలోగా అర కిలో శనగపిండి, పావు కిలో మైదా నేతిలో సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేగి ఉండాలి. ఈ పిండి గోరువెచ్చగా ఉండగానే వాడాలి. చల్లబడిన పిండి తగిలితే పాకం బిగుసుకుని పగుళ్లిస్తుంది. తెల్లబడిన పాకాన్ని పెద్ద కడియంలా చేసి, పిండి మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చున్నవాళ్లు తలో వైపు లాగుతారు. కడియం పెద్దదయ్యాక మెలిపెట్టి, ఎనిమిది అంకెలా చేసి, రెండు వలయాలనూ ఒకదాని మీద ఒకటి వేస్తారు. ఒక పోగు రెండవుతుంది. మళ్లీ లాగి మడిస్తే నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. పన్నెండు మడతలకు 4096 పోగులు.

ప్రతి మడతలోనూ పిండి పోగు పోగుకీ మధ్యన చేరాలి. పోగులను విడివిడిగా ఉంచేది అదొక్కటే. మా మేస్త్రి చూపంతా అక్కడే ఉంటుంది. పోగు పైన మెరుపు కనిపించిందంటే పిండి అందలేదని అర్థం, ఇంకో మడత వేస్తే పక్కదానితో అతుక్కుపోతుంది. పొడి పొడిగా, మెరుపు లేకుండా ఉంటే లాగొచ్చు.

ఇక తేమ సంగతి. ఆ పోగు ముదురు పాకం కాబట్టి నీటి కోసం కాచుకుని ఉంటుంది. అంత సన్నగా లాగేసరికి గాలి తగిలే పైభాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వాన పట్టిన రోజున పోగులు తేమ పీల్చి జిగురెక్కుతాయి, మధ్యలో ఉన్న పిండిని దాటుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. మీ పళ్లకు పట్టుకున్నది ఆ జిగురే. ఇంకొన్నాళ్లు వదిలేస్తే పంచదార పలుకు కట్టి ముద్ద గట్టిపడుతుంది. తిన్నా ప్రమాదం లేదు గానీ పొరలు మాత్రం ఇక తిరిగి రావు. వేడి చేసినా రావు, ఇంకా కలిసిపోతాయి.

వనస్పతి వాడమని కొందరు మంచి మనసుతోనే చెప్పారు. అది నెయ్యిలా త్వరగా కరగదు కాబట్టి ఎండాకాలంలో ముక్క విరగకుండా నిలబడుతుంది, నిజమే. కానీ పాకం తేమ పీల్చడం దానివల్ల ఆగదు, పైగా నాలుక మీద మైనంలా పేరుకుంటుంది. నేను నెయ్యే వాడతాను.

అందుకని ఇలా నిర్ణయించుకున్నాం. ముసురు పట్టిన రోజుల్లో సోన్ పాపిడి లాగం. కొట్టులో లేదంటే ఆ రోజు గాలి బాగోలేదని అనుకోండి, బూందీ లడ్డు, మైసూర్ పాకు ఎప్పటిలాగే ఉంటాయి. తెరిపిచ్చిన రోజున లాగి, ముక్కలు కోసి చల్లారగానే డబ్బాల్లో మూత బిగిస్తాం. అద్దాల బీరువాలో విడిగా పెట్టి తూచి ఇవ్వడం మానేస్తున్నాం, తలుపు తీసినప్పుడల్లా తేమ లోపలికి పోతోంది. కిలో డబ్బాకు బదులు పావు కిలోవే ఉంటాయి. ఒకసారి తెరిస్తే ఆ రోజే అయిపోతుంది, ధర మాత్రం కిలో లెక్కే.

ఇంటికి తీసుకెళ్లాక ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే చల్లటి ముక్క మీద నీరు పడుతుంది, పోగులు అక్కడే కలిసిపోతాయి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టి, పొడి చేత్తో తీసుకోండి.

దసరా, దీపావళి ఆర్డర్లు తీసుకుంటున్నాం. ఆ రోజుల్లోనూ మన వైపు వాన తప్పదు కాబట్టి, రెండు మూడు రోజుల వెసులుబాటుతో చెప్పండి. పొడి రోజు చూసి లాగి ఫోన్ చేస్తాం.