ఒప్పుకున్నాక రద్దయిన ఆఫర్ గురించి ఫిర్యాదు

నియామకాల మేనేజర్ గారికి,

ఆగస్టు 7న సాయంత్రం మీరు ఫోన్ చేసి, 11న నేను చేరాల్సిన అకౌంట్స్ ఉద్యోగం ఇక లేదన్నారు. మర్నాడు వచ్చిన మెయిల్‌లో 'బిజినెస్ అవసరాలు మారాయి' అన్న ఒక్క వాక్యమే ఉంది. అప్పటికి మా అమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కూడా కట్టేసింది.

జూన్ 2న మీరు ఆఫర్ లెటర్ పంపారు. 4న సంతకం చేసి తిరిగి పంపాను. అందిందని అదే రోజు మీరు జవాబిచ్చారు. ఆ జవాబు చూశాకే శ్రీకాకుళంలోని పాత ఆఫీసులో రాజీనామా ఇచ్చి, 60 రోజుల నోటీసు పూర్తి చేసి ఆగస్టు 4న బయటికొచ్చాను. వెరిఫికేషన్ సజావుగా పూర్తయిందని జూలై 18న మీరే మెయిల్ పెట్టారు. వివరాలు తప్పని తేలితే ఆఫర్ రద్దు చేస్తామని మీ లెటర్లో ఉంది, నిజమే. నా విషయంలో అలాంటిదేమీ తేలలేదు కదా.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలంటే అవతలివారు ఒప్పుకున్నట్టు పంపకముందే తీసుకోవాలి. మీరు రెండు నెలల తర్వాత తీసుకున్నారు. పైగా మీ లెటర్లోనే, ప్రొబేషన్‌లో ఎవరు మానుకోవాలన్నా 30 రోజుల నోటీసు గానీ ఆ జీతం గానీ ఇవ్వాలని రాశారు. 11న చేరి 12న మీరు తీసేసినా నాకు నెల జీతం వచ్చేది. గుమ్మం దాకా రమ్మని తలుపేస్తే మాత్రం ఏమీ ఇవ్వక్కర్లేదా?

నేనూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. 9న పాత ఆఫీసుకి వెళ్లి అడిగాను. నా సీట్లో అప్పటికే వేరే అమ్మాయి పనిచేస్తోందట. అది మా మేనేజర్ మెయిల్‌లో రాసిచ్చారు, జతచేస్తున్నాను. అమీర్‌పేట హాస్టల్‌కి కట్టిన 6,000 అడ్వాన్సులో 2,000 మాత్రమే తిరిగొచ్చింది.

కాబట్టి లెటర్లోని నెల జీతం 32,000, హాస్టల్‌లో పోయిన 4,000, కలిపి 36,000 రూపాయలు ఇప్పించండి. డబ్బు కన్నా ముందు నాకు కావాల్సింది ఒక ఉత్తరం. ఆఫర్ కంపెనీ కారణాల వల్లే రద్దయిందనీ, నా వెరిఫికేషన్‌లో ఏ లోపమూ లేదనీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. పాత ఉద్యోగం ఎందుకు వదిలావని వచ్చేవారం ఇంటర్వ్యూలో అడుగుతారు. ఫోన్లో మీరన్న మాటను వాళ్లకి చూపించలేను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మెయిల్‌లోనే జవాబివ్వండి. లేకపోతే లాయర్ నోటీసు పంపిస్తాను.

ఇట్లు,
మీ ఆఫర్ ఒప్పుకున్న అభ్యర్థి,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా