చేతులు కడిగే పాటలో పల్లవి పని చెప్పాలి

సంపాదకుల గారికి,

అక్టోబర్ 15న ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం. 2008 నుంచి ఏటా జరుగుతోంది. ఆ రోజుకి ముందు పల్లెల్లో ప్రచారం కోసం కొత్త పాటలు రాయించడం, పిల్లల చేత పాడించడం మామూలే. అలాంటి పాటలు నేనూ రాస్తాను, పిల్లలకు నేర్పుతాను. అందుకే వాటి గురించి ఒక మాట మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాను.

మన ప్రచార పాటల్లో చాలావాటికి ఒకే తీరు. పల్లవిలో శుభ్రత గొప్పదనం ఉంటుంది. మొదటి చరణంలో క్రిములు, రెండో చరణంలో రోగాలు వస్తాయి. చేతులు ఎలా రుద్దుకోవాలో మూడో చరణంలో ఎక్కడో రెండు ముక్కలుంటాయి. వారం తర్వాత ఆ పిల్లల్నే పాడమని అడిగితే పల్లవి గడగడా పాడతారు, చరణాల దగ్గర ఆగిపోతారు. అది పిల్లల తప్పు కాదు. పల్లవి పదిసార్లు వస్తుంది, చరణం ఒక్కసారే వస్తుంది. గుర్తుండేది పల్లవే అయినప్పుడు అసలు పని అందులోనే ఉండాలి కదా?

ఇంకో సంగతి సమయం. నీళ్లతో తడపడం, సబ్బు రాయడం, రుద్దడం, కడగడం, తుడుచుకోవడం అన్నీ కలిపి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో రుద్దడానికే కనీసం 20 సెకన్లు ఉండాలి. కుళాయి దగ్గర పిల్లలకు గడియారం ఉండదు, పాటే గడియారం కావాలి. అందుకని పల్లవి ఎంతసేపు సాగుతుందో రాసేటప్పుడే లెక్క చూసుకోవాలి. మేం పిల్లలకు నేర్పుతున్న పల్లవి ఇది:

అరచెయ్ అరచెయ్ కలిపీ రుద్దూ
వెనకకు తిప్పీ మళ్లీ రుద్దూ
వేళ్లా సందున నురగను దూర్చూ
బొటనా వేలును గిరగిర తిప్పూ
గోళ్లను అరచేతుల్లో గీకూ
నీళ్లను పోసీ నురగను కడుగూ

ఒక్కో పాదానికి నాలుగు చప్పట్లు. మొదటి ఐదు పాదాలూ రుద్దడానికే. ఒక చప్పట్టుకి ఒక సెకను చొప్పున నిదానంగా పాడితే ఆ ఐదింటికీ సరిగ్గా 20 సెకన్లవుతాయి. కానీ పిల్లలు నిదానంగా పాడరు. పాట నోటికొచ్చిన మర్నాటి నుంచే పరుగు మొదలవుతుంది, సెకనుకి రెండు చప్పట్లు పడతాయి, 20 సెకన్లు కాస్తా పదికి దిగిపోతాయి. నెమ్మదిగా పాడమని చెప్పి లాభం లేదు. దానికి బదులు ప్రతి పాదాన్నీ రెండుసార్లు పాడించాలి. అప్పుడు పిల్లలు వాళ్లకి నచ్చిన వేగంలోనే పాడినా 20 సెకన్లు నిండుతాయి.

రెండుసార్లు పాడటానికి ఇంకా గట్టి కారణం ఉంది. మనకు చేతులు రెండు. 'వెనకకు తిప్పీ' అని మొదటిసారి పాడినప్పుడు ఎడమచేతి వెనకభాగం, రెండోసారి కుడిచేతిది. బొటనవేలూ గోళ్లూ కూడా అంతే. ఒక్కసారే పాడితే పిల్లలు ఒక చేతినే రుద్ది తర్వాతి పాదానికి వెళ్లిపోతారు. కుడిచేత్తో ఎడమ బొటనవేలిని పట్టుకుని తిప్పుతారు. కుడి బొటనవేలు మాత్రం అలాగే ఉండిపోతుంది, తీరా తినేది ఆ చేత్తోనే.

పాట పనిచేస్తోందా లేదా అన్నది పాడుతుంటే తెలియదు, చేతులు చూస్తేనే తెలుస్తుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. చర్మానికి హాని చేయని రంగుపొడిని కొంచెం నూనెలో కలిపి పిల్లల రెండు చేతులకీ పల్చగా పూయండి. ఎప్పటిలా పాడుతూ సబ్బుతో కడుక్కోమనండి. తర్వాత వెలుతురులో చేతులు చాపించి చూడండి. అరచేతులు దాదాపు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి. రంగు మిగిలేది ఎక్కువగా గోళ్ల కింద, బొటనవేలి మొదట్లో, వేళ్ల సందుల్లో. మా పల్లవిలో ఆ మూడింటికీ తలా ఒక పాదం ఇచ్చింది అందుకే. ఏ చోట రంగు మిగిలిందో ఆ పాదాన్ని పిల్లలు సరిగా అభినయించడం లేదని అర్థం. దాన్ని మళ్లీ చేతులతో చేసి చూపించాలి. తన గోళ్ల కింద మిగిలిన రంగును కళ్లారా చూసిన పిల్లకి వేరే ఉపదేశం అక్కర్లేదు.

ఈ పరీక్షలోనే సబ్బు ఎందుకో కూడా తెలిసిపోతుంది. ఉత్త నీళ్లతో కడిగితే నూనె కదలదు, రంగూ కదలదు. క్రిములు కూడా చర్మం మీద జిడ్డును, మురికిని పట్టుకునే ఉంటాయి. సబ్బు అణువుకి ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. రుద్దడం వల్ల జిడ్డు వదులై నీళ్లతోపాటు పోతుంది. దీనికి వేడినీళ్లు కావాలని లేదు, క్రిములను చంపుతుందని రాసి ఉన్న ఖరీదైన సబ్బు కూడా కావాలని లేదు. అలాంటి మందులు కలిపిన సబ్బులు మామూలు సబ్బు కన్నా మెరుగని తయారీదారులు చూపించలేకపోయారంటూ, అమెరికాలో ఆహారం, మందుల నాణ్యతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రకాల పదార్థాలను ఇళ్లలో వాడే సబ్బుల్లో వాడొద్దంది. కాబట్టి పాటలో ఏ సబ్బు పేరూ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎప్పుడు కడుక్కోవాలన్నది వేరే సంగతి. అది పల్లవిలో ఇమడదు, ఇరికించకూడదు. దాన్ని ప్రశ్న–జవాబుగా పెట్టుకున్నాం. టీచరు 'ముద్దా నోటా పెట్టే ముందూ?' అంటే పిల్లలంతా 'చేతులు కడుగూ!' అంటారు. 'దొడ్డికి వెళ్లీ వచ్చిన వెనకా?' అన్నా అదే జవాబు. ఇది తరగతిలోనో, ఊరేగింపులోనో పాడాల్సింది. పల్లవి మాత్రం కుళాయి దగ్గర, చేతికి సబ్బు రాసుకున్నాకే ఎత్తుకోవాలి. మొదటి ఐదు పాదాలూ అయ్యేదాకా కుళాయి కట్టేసి ఉంచాలి. ఆరో పాదంలో 'నీళ్లను పోసీ' అన్నప్పుడే తిప్పాలి. కుళాయి లేనిచోట ఒకరు చెంబుతో పోస్తూ ఉంటే సరిపోతుంది. అందరూ ఒకే బేసిన్లో చేతులు ముంచడం మాత్రం వద్దు. ఒకరి చేతి మురికి ఇంకొకరికి అంటుతుంది.

నాకు బాధ కలిగించేది వేదిక మీద జరిగే ప్రదర్శన. పిల్లలు వరుసగా నిలబడి పొడిచేతులు గాల్లో తిప్పుతూ పాడతారు, అందరూ చప్పట్లు కొడతారు. అదే బడిలో కుళాయి దగ్గర సబ్బు ఉండదు. పాట ఎంత బాగున్నా ఆ సబ్బుముక్క లోటు తీర్చలేదు. ప్రచారానికి పెట్టే ఖర్చులో మొదటి వాటా మైకుకీ బ్యానర్లకీ కాకుండా సబ్బుకి వెళ్లాలి. సబ్బు పోతుందని భయమైతే చిల్లులున్న వలసంచిలో వేసి కుళాయికి కట్టొచ్చు. సంచిలోంచే నురగ వస్తుంది, నీళ్లూ కారిపోతాయి, సబ్బు నానిపోదు.

పై పల్లవిని ఎవరైనా వాడుకోవచ్చు. మీ పిల్లల నోటికి తగ్గట్టు మాటలు మార్చుకోవచ్చు, బాణీ మీ ఇష్టం. ఐదు రుద్దుళ్ల వరుసనీ, ఒక్కో పాదం రెండుసార్లు రావడాన్నీ మాత్రం మార్చకండి. ప్రచార పాటల పుస్తకాలు అచ్చువేసే అధికారులు కూడా ప్రతి పాదం పక్కన ఏ చేతితో ఏం చేయాలో బొమ్మ వేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బాణీ తెలియని టీచరు కూడా ఆ బొమ్మ చూసి పిల్లలకు నేర్పగలుగుతారు.

ఇట్లు,
పిల్లలకు పాటలు నేర్పే ఒక పాఠకురాలు