పొరపాటున వెళ్లిన మెయిల్‌కు వచ్చిన ఫోన్

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక బేరింగుల డీలరు వద్ద సేల్స్ క్లర్కుగా చేరిన నాలుగో నెలలో, గాజువాక కస్టమరుకు పంపవలసిన ఆర్డర్ కన్ఫర్మేషన్‌ను, మొదటి మూడక్షరాలు కొట్టగానే కనిపించిన పేరును సరిచూసుకోకుండా నొక్కి, అదే వ్యాపారంలో ఉన్న మరో కస్టమరుకు పంపించాను. అందులో 240 బేరింగుల ధర, మేమిచ్చిన 14 శాతం తగ్గింపు ఉన్నాయి.

పది నిమిషాల్లో అక్కడి పర్చేజ్ విభాగం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, సబ్జెక్టులో పేరు చూసి మాది కాదని అటాచ్‌మెంట్ తెరవలేదు. ముందు మీ మేనేజరుకు చెప్పు. తర్వాత అసలు కస్టమరుకు నువ్వే ఫోన్ చేసి, ఏమేం బయటికి వెళ్లాయో దాచకుండా చెప్పు" అన్నారు. అంతటితో ఆగక, ఫైలును తెరవకుండానే తొలగించామనీ, ట్రాష్‌లోనూ ఉంచలేదనీ సమయంతో సహా రెండు వాక్యాల మెయిల్ రాసి, దానిని అసలు కస్టమరుకు చూపించుకోవచ్చన్నారు. ఆ ధర చూసి మాతో బేరమాడగలిగిన స్థానంలో ఉండి కూడా ఆయన చేసిన పని ఇది.

గాజువాక కస్టమరు కోప్పడ్డారు, అది న్యాయమే. ఆ మెయిల్ చదివాక మాత్రం ఆర్డరు రద్దు చేయలేదు. మరుసటి నెల ఆర్డరూ మాకే ఇచ్చారు. ఇప్పుడు నేను అటాచ్‌మెంట్‌లోని పేరును పైకి చదివిన తర్వాతే, చిట్టచివరగా చిరునామా నింపుతున్నాను.

సార్, మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.