అన్నీ గ్యాస్ మాత్రలే కావు

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటరులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడినా ఒక మాట వినపడుతుంది: "ఒక గ్యాస్ బిళ్ల ఇవ్వండి." కౌంటరులో కుర్రాడు చేతికందిన స్ట్రిప్పులోంచి ఒకటో రెండో కత్తిరించి ఇచ్చేస్తాడు. అది నమిలే మాత్రో, మింగేదో, తినకముందు వేసుకోవాల్సిందో తర్వాతదో కొన్నవాళ్లు అడగరు, అమ్మినవాళ్లు చెప్పరు. ఒకే పేరు కింద నాలుగు రకాల మందులు నడుస్తున్నాయి. వాటి పని వేరు, వేసుకునే వేళ కూడా వేరు. ఆ వేళ తప్పితే మందు కొన్నా కొననట్టే.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మా అక్క. మోకాళ్ల నొప్పికి డాక్టరు నొప్పి మాత్ర రాసి, దానివల్ల కడుపులో పుండు పడకుండా పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు కూడా రాశారు. షాపులో ఇచ్చిన కాగితం కవరు మీద బాల్‌పెన్నుతో 1-0-0 అని ఉంది, అంతే. పొద్దున ఒకటి అని అక్కకు అర్థమైంది. తినకముందా, తిన్నాకా అన్నది ఎక్కడా లేదు. ఇడ్లీలు తిని, రెండు మాత్రలూ కలిపి మింగేది. మూడు వారాలైనా గుండెల్లో మంట తగ్గలేదు. ఈసారి షాపులో గులాబీ రంగు సిరప్ సీసా ఇచ్చారు. పక్కింటావిడ తనకు మిగిలిన సుక్రాల్‌ఫేట్ సీసా కూడా ఇచ్చింది. నేను వెళ్లిన రోజు అక్క పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని, మంటగా ఉందని వెంటనే రెండు మూతల సిరప్ తాగడం కళ్లారా చూశాను. "అన్నీ గ్యాస్‌కే కదరా, ఎప్పుడు తాగితే ఏం?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు స్ట్రిప్పు మీదే ఉంటుంది. కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు చదవాలి.

ఆ పేరులో అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, కాల్షియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ లాంటివి ఉంటే అది యాంటాసిడ్. నమిలే డైజీన్, జెలూసిల్ బిళ్లలూ సిరప్‌లూ, నీళ్లలో పొంగే ఈనో ఈ జాతివే. ఇవి కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తాయి. అందుకే నిమిషాల్లో ఉపశమనం తెలుస్తుంది. కానీ కొత్తగా ఊరే ఆమ్లాన్ని ఆపలేవు. ఖాళీ కడుపున తాగితే అరగంటో గంటో గడిచేసరికి కిందికి జారిపోతాయి. భోజనమైన గంటకు తీసుకుంటే తిండితోపాటు కడుపులో నిలిచి రెండు మూడు గంటలు పనిచేస్తాయి. కాబట్టి యాంటాసిడ్‌కు సరైన వేళ తిన్న తర్వాతే.

పేరు చివర 'టిడిన్' అని ఉంటే అది రెండో రకం. ఫామోటిడిన్, రానిటిడిన్ ఇందులోవి. ఆమ్లం ఊరమని కడుపుకు అందే సంకేతాల్లో ఒకదాన్ని ఇవి అడ్డుకుంటాయి. గంటలోపు పని మొదలుపెట్టి పది పన్నెండు గంటలు నిలుస్తాయి. తిండితో పెద్ద పేచీ లేదు, రాత్రి మంటతో మెలకువ వచ్చేవాళ్లకు పడుకునే ముందు వేసుకోమని చెబుతారు. రానిటిడిన్ మన తరం ఇంటింటి మందు. అందులో క్యాన్సర్ కారకంగా అనుమానించే ఒక మలినం కనబడటంతో 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయించింది. మన దేశం 2022లో అత్యవసర ఔషధాల జాతీయ జాబితా నుంచి తప్పించింది. ఇంట్లో పాత స్ట్రిప్పులుంటే డాక్టరుకు చూపించి మార్పించుకోవడం మేలు.

ఇక ఎక్కువమంది తప్పుగా వాడేది మూడో రకాన్ని. పేరు చివర 'ప్రజోల్' ఉంటుంది: ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్. చివరి 'జోల్' ఒక్కటే చూసి పొరబడకండి. అల్బెండజోల్ నులిపురుగుల మందు, ఫ్లూకొనజోల్ ఫంగస్ మందు. 'ప్రజోల్' మొత్తం కనబడినా ఒక మినహాయింపు ఉంది. ఆరిపిప్రజోల్ అనేది మానసిక వైద్యంలో వాడే మాత్ర. అందుకని ఊహించి వేసుకోవద్దు, ఒక్కసారి ఫార్మసిస్టును అడిగి నిర్ధారించుకోండి.

కడుపు గోడలో ఆమ్లాన్ని బయటికి తోసే సన్నని పంపులు లెక్కలేనన్ని ఉంటాయి. ఆకలి కడుపున వాటిలో చాలావరకు నిద్రలో ఉంటాయి, తిండి పడగానే లేచి పనిలోకి దిగుతాయి. ప్రజోల్ మందు పనిచేస్తున్న పంపునే పట్టుకుని మూసేయగలదు. నిద్రలో ఉన్నదాన్ని ఏమీ చేయలేదు. రాత్రంతా తినకుండా ఉన్నాక పొద్దున పంపులు ఎక్కువ సంఖ్యలో సిద్ధంగా ఉంటాయి, అందుకే పొద్దున వేళ. ఇంకో సంగతి, ఈ మందు ఆమ్లం తగిలితే పాడైపోతుంది. అందుకని దాని మీద పూత వేస్తారు. ఆ పూత కడుపు దాటి చిన్నపేగులోకి వెళ్లాకే కరుగుతుంది, అక్కడినుంచి మందు రక్తంలో కలిసి తిరిగి కడుపు గోడకు చేరాలి. దీనికి అరగంట నుంచి గంట పడుతుంది. అలా చేరిన మందు రక్తంలో ఎక్కువసేపు ఉండదు, గంటా రెండు గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది.

ఈ రెండూ కలిపి చూస్తే వేళ దానంతటదే తేలుతుంది. మందు రక్తంలో నిండుగా ఉన్న సమయానికే పంపులు లేవాలి. టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే అలా కుదురుతుంది. తిన్నాక వేసుకుంటే మాత్ర తిండితోపాటు కడుపులోనే చిక్కుకుపోతుంది. అది రక్తంలోకి చేరేసరికి పంపులు తమ పని ముగించుకుంటాయి. అక్క మూడు వారాలు చేసింది ఇదే. దీనికి ఎదురు తప్పు చేసేవాళ్లనూ కౌంటరులో చాలామందిని చూశాను. ఆరింటికి మాత్ర వేసుకుని, ఒక టీ తాగి, పొలానికో డ్యూటీకో వెళ్లి పదకొండింటికి తింటారు. వాళ్లకూ గురి తప్పినట్టే. మాత్ర ముందు వేసుకుంటే చాలదు, గంటలోపు కడుపులో తిండి పడాలి. పూత ఉన్న మాత్రను నలపకూడదు, నమలకూడదు. ఒక మాత్రకే మంట చల్లారాలని చూడకూడదు. అన్ని పంపులూ ఒక్కరోజులో మూతపడవు, పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు కావాలి.

నాలుగోది సుక్రాల్‌ఫేట్. ఇది ఆమ్లాన్ని విరిచేదీ కాదు, తగ్గించేదీ కాదు. కడుపులోని ఆమ్లం తగలగానే బంకలా మారి, పుండు ఉన్నచోట అతుక్కుని కట్టు కట్టినట్టు కాపాడుతుంది. కడుపులో తిండి ఉంటే ఆ బంక తిండికే అతుక్కుపోతుంది. అందువల్ల భోజనానికి గంట ముందు, మళ్లీ పడుకునే ముందు ఖాళీ కడుపున తాగమంటారు. యాంటాసిడ్‌తో కలిపి తాగితే బంక కావడానికి కావాల్సిన ఆమ్లమే ఉండదు, అందుకే రెండింటికీ కనీసం అరగంట ఎడం ఉండాలి. ఇందులో అల్యూమినియం ఉంటుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరుతో చెప్పకుండా ముట్టకూడదు.

అక్క థైరాయిడ్ మాత్ర సంగతి కూడా ఇక్కడే తేలింది. యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం ఆ మందును పేగులోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి వెళ్లనివ్వవు. సుక్రాల్‌ఫేట్ కూడా అదే చేస్తుంది. నాలుగు గంటల ఎడం లేకపోతే థైరాయిడ్ మాత్ర వేసుకుని ఏం లాభం? ఐరన్ మాత్రలకూ, కొన్ని యాంటీబయాటిక్స్‌కూ ఇదే ఇబ్బంది.

డాక్టరుకు అన్నీ చూపించాం. ఆయన సుక్రాల్‌ఫేట్ ఆపేశారు. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఏడింటికి పాంటోప్రజోల్, ఏడూ నలభైకి టిఫిన్, అది తిన్నాక నొప్పి మాత్ర. సిరప్ మరీ మంటగా ఉంటేనే, అదీ మధ్యాహ్న భోజనమైన గంటకు. మందు అదే, మోతాదు అదే. పది రోజుల్లో అక్క సిరప్ సీసా ముట్టడం మానేసింది. థైరాయిడ్ రక్తపరీక్ష ఆరు వారాల తర్వాత మళ్లీ చేయించమన్నారు.

వేళ సరిగ్గా ఉన్నా మంట తగ్గకపోతే, మింగడం కష్టమైతే, మలం తారులా నల్లగా వస్తే, రక్తం వాంతి అయితే ఇంట్లో మాత్రలు మార్చుకుంటూ కూర్చోకూడదు. చెమటలు పడుతూ ఛాతీ బిగిస్తుంటే, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే అది గ్యాస్ అనుకుని సిరప్ తాగి పడుకోవద్దు, వెంటనే ఈసీజీ తీయించాలి. మంట తగ్గిందని ప్రజోల్‌ను నెలల తరబడి సొంతంగా వాడటమూ సరికాదు. నొప్పి మాత్రలకో, గుండెకు వాడే ఆస్పిరిన్‌కో తోడుగా డాక్టరు రాసినవాళ్లు మాత్రం సొంతంగా మానకూడదు.

పాంటోప్రజోల్ డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. అయినా ఊరూరా బిళ్లల లెక్కన అమ్ముతున్నారు. ఒక్కరోజులో అది మారుతుందని నేను అనుకోను. కవరు మీద రాసే రాత మాత్రం రేపే మారవచ్చు. 1-0-0 ఒక్కటే చాలదు. కొందరు డాక్టర్లు 'బి.ఎఫ్.' అని రాస్తారు. తినకముందు అని వాళ్ల ఉద్దేశం. బ్రేక్‌ఫాస్ట్‌తో అని చదువుకుని టిఫిన్ మధ్యలో మింగినవాళ్లు నా కౌంటరు ముందే కనబడ్డారు.

రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలను నేను అడిగేది ఇంతే. ప్రతి మందుల షాపులో, ప్రతి ప్రభుత్వాసుపత్రి కౌంటరులో తెలుగు అక్షరాలతో మూడు రబ్బరు స్టాంపులు ఉండేలా చూడండి: 'టిఫిన్‌కు అరగంట ముందు', 'భోజనమైన గంటకు', 'ఖాళీ కడుపున, వేరే మందులతో కలపకుండా'. కవరు చేతికిచ్చే ముందు సరైనది గుద్దితే చాలు. చదువు రానివాళ్లకు కౌంటరులో ఉన్న మనిషి అదే మాట నోటితో చెప్పాలి. మీ పత్రిక ఈ విషయం అధికారుల దృష్టికి తీసుకెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
తెనాలి